టూరు షీటు బావగారు

టూరు షీటు బావగారు ప్రతి పెద్ద కుటుంబంలోనూ ఒకరుంటారు. ఇద్దరుంటే ఆ కుటుంబం ఎక్కడికీ కదలదు. వయసు నలభై దాటి ఉంటుంది. విమానం టికెట్లు కొనకముందే ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటు తెరుస్తారు. నిలువు గళ్ళలో ఏడు రోజులు, అడ్డగళ్ళలో అరగంట చొప్పున పొద్దుటి నుంచి రాత్రి దాకా. తప్పక చూడాల్సినవి ఎరుపు, చూస్తే మంచివి పసుపు, భోజనం ఆకుపచ్చ. తెల్లగా మిగిలిన గడి ఆయన కంటికి కట్టిన డబ్బు వృథా అయినట్టు కనిపిస్తుంది. యూరపు వీసాకు పెట్టిన ఖర్చును పగటి గంటలతో భాగించి గంటకెంత పడిందో కూడా చూసుకుని ఉంటారు కాబట్టి ఆ బాధ ఉత్త బాధ కాదు, లెక్క ఉన్న బాధ.

ఈ జాతిని గమనించడానికి అనువైన చోటు పారిస్. కాలం మే నెల చివర, పిల్లలకు బడులు తెరవకముందు. పరివారంలో భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు, ఒక బావమరిది. శనివారం ఉదయం దిగి మరుసటి శనివారం ఉదయం తిరుగు విమానం. షీటు ప్రకారం దిగిన రోజు పదకొండింటికి హోటలు, పదకొండుంబావుకు బయల్దేరడం. ఆ పావుగంటలో ఆరుగురు స్నానాలు చేయాలి. హోటలు గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరన్నది షీటుకు తెలియదు.

బావగారి లెక్కల్లో మొదటి లోపం, చూసే సమయాన్ని మాత్రమే సమయంగా లెక్కించడం. "లూవ్ర్ మ్యూజియం: 2 గంటలు" అని గడిలో ఉంటుంది. ఆ రెండు గంటలకు ముందు మెట్రోలో అరగంట, భద్రతా తనిఖీ క్యూలో మరికొంత, సంచీలూ గొడుగులూ దాచడానికి ఇంకొంత పడుతుంది. టాయిలెట్టుకు వెళ్ళిన చిన్నవాడి కోసం అందరూ, అందరూ ఏరని బావమరిది, బావమరిది ఏడని బావగారు వెతుక్కునే సమయం వేరు. ఆరుగురున్న కుటుంబానికి రెండు గంటల దర్శనమంటే నాలుగు గంటల పని. రోజుకు నాలుగు ఎర్ర గళ్ళు పెట్టిన షీటు అంటే రోజుకు పదహారు గంటలు అడిగిన షీటు. మధ్యాహ్నానికే అది గంటన్నర వెనకబడుతుంది. ఆ గంటన్నరను బావగారు ఎప్పుడూ ఆకుపచ్చ గడిలోంచే కోస్తారు. భోజనం మూడింటికి జరుగుతుంది. పారిస్‌లో చాలా రెస్టారెంట్లు రెండున్నర ప్రాంతంలో వంటగది మూసి మళ్ళీ రాత్రి ఏడింటికి తెరుస్తాయి గనక, ఐఫిల్ టవరు చూస్తూ సంచీలోని చేగోడీలు తిన్నామని తరవాత చెప్పుకోవాల్సి వస్తుంది.

రెండో లోపం వారాలది. లూవ్ర్ మంగళవారం మూత. ఓర్సే మ్యూజియం సోమవారం మూత. వెర్సాయ్ రాజభవనం కూడా సోమవారమే మూత. ఇది బావగారికి తెలుసు. తెలిసినందుకు గర్వం కూడా. లూవ్ర్ సోమవారం, వెర్సాయ్ మంగళవారం అని చకచకా పెట్టేస్తారు. ఊళ్ళోని పర్యాటకులందరికీ ఇదే తెలివి ఉంటుందన్నది మాత్రం తోచదు. మిగతా రెండూ మూసిన సోమవారం జనం లూవ్ర్ మీద పడతారు, లూవ్ర్ మూసిన మంగళవారం వెర్సాయ్ మీదా ఓర్సే మీదా పడతారు. అంటే బావగారు ప్రతిచోటికీ అది బాగా కిక్కిరిసే రోజునే ఎంచి వెళ్తున్నారన్నమాట. మెట్రో వారం పాసులోనూ ఇలాంటి చిక్కే ఉంది. నవిగో వారం పాసు కొన్నరోజు నుంచి ఏడు రోజులు కాదు, సోమవారం నుంచి ఆదివారం దాకా. శనివారం దిగినవాళ్ళకు మొదటి రెండు రోజులు విడి టికెట్లే. పాసు చివరి రోజున వాళ్ళు హైదరాబాదులో బట్టలు ఉతుక్కుంటుంటారు.

లూవ్ర్ దగ్గర ఈ జాతి స్వభావం పూర్తిగా బయటపడుతుంది. అక్కడ ప్రదర్శనలో ఉన్న వస్తువులు సుమారు 35,000. ఒక్కోదానికి పది సెకన్లు ఇస్తే ఎంతవుతుందని బావగారు లెక్క వేసి, నిద్రా తిండీ లేకుండా నాలుగు రోజులు దాటుతుందని తేలాక, "అందుకే ముఖ్యమైనవి పది" అంటారు. ఆ పదిలో మొదటిది మోనాలిసా. 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. అంత చిన్న బొమ్మ ముందు గుంపులో నిలబడి, ఎత్తిన చేతుల మధ్య సందులోంచి ఫోటో తీసి, గడిలో టిక్కు పెట్టి, "తరవాతిది" అంటారు.

కాళ్ళు లాగి అత్తగారు వెనక్కి తిరుగుతారు. వెనక గోడంతా వెరొనేజ్ వేసిన కానా పెళ్ళి విందు. పది మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు, ఆ మ్యూజియంలోకెల్లా పెద్ద తైలవర్ణ చిత్రం. అందులో నూట ముప్పై మంది దాకా జనం, వడ్డించేవాళ్ళు, వాయించేవాళ్ళు, కుక్కలు. "ఇంత హంగామా చేశారు, పెళ్ళికొడుకు ఏడి బాబూ?" అని అత్తగారు అడుగుతారు. ఆ ప్రశ్నకు షీటులో జవాబు లేదు. నిజానికి వధూవరులు ఎడమ పక్కన బల్ల చివర, పెద్దగా ఎవరికీ పట్టనట్టు కూర్చుని ఉంటారు. వాళ్ళను వెతకడానికి పిల్లలకు పావుగంట పడుతుంది. ఆ వారంలో వాళ్ళు దేన్నయినా పావుగంట చూడటం అదే. బావగారు మాత్రం గడియారం చూస్తారు.

మ్యూజియంలో అలసట మనిషి బద్ధకం వల్ల వచ్చేది కాదు. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే దీని మీద వ్యాసం రాశాడు. వస్తువుల్ని సరిగ్గా చూడాలంటే మనిషి ఎంతగా వంగాలో, ఎలా మెడ చాచాలో ఫోటోలు తీయించి చూపించాడు. కుటుంబంలో ఈ అలసట మొదలైందనడానికి గుర్తులు స్పష్టంగానే ఉంటాయి. పిల్లలు బొమ్మల బదులు బెంచీలు వెతుకుతారు. బావమరిది ప్రతి గదిలోనూ కిటికీ దగ్గర తేలతాడు. భార్య "ఇది ఇందాక చూశాం కదండీ" అంటుంది, చూసి ఉండదు. ఇవి కనిపించాక ఇంకో ఎర్ర గడికి వెళ్తే టికెట్టు చెల్లుతుంది గానీ చూపు చెల్లదు.

ఖాళీ సమయం గురించి ఎవరైనా అడిగితే బావగారు నొచ్చుకుంటారు. ఆయన అదీ పెట్టారు. గురువారం 15:10 నుంచి 15:55 వరకు "స్వేచ్ఛగా తిరుగుట", పక్క గడిలో ఎక్కడ స్వేచ్ఛగా తిరగాలో చిరునామా.

ఈ జాతికి పుట్టు విరోధి "చూద్దాంలే" బావమరిది. టికెట్లు ముందే కొనడం అతనికి జీవితాన్ని అవమానించడం. కానీ ఐఫిల్ టవరు లిఫ్టు టికెట్లు సుమారు రెండు నెలల ముందే అమ్మకానికి వస్తాయి, మంచి వేళలు తొందరగా అయిపోతాయి. అప్పటికప్పుడు వెళ్ళినవాడికి మిగిలేవి పొడుగాటి క్యూ, లేదా రెండో అంతస్తు దాకా 674 మెట్లు. ఇలాంటి వాడికి వారమంతా ఖాళీయే, అయినా దాన్ని క్యూలలోనే ఖర్చుపెడతాడు. బావగారికి సమయం మిగలదు, బావమరిదికి మిగిలింది అక్కరకు రాదు.

షీటును చివరికి సరిచేసేది భార్య. ఆమె గళ్ళు తీసేయదు, ఎర్రవాటిని లెక్కపెడుతుంది. రోజుకు ఒక్కటి, అదీ వేళ నిర్ణయించి టికెట్టు కొన్నది. మిగతా పూట ఆ చుట్టుపక్కలే, పేరు పెట్టకుండా. ఊరి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి చూస్తే మధ్యలోని సమయం మెట్రోలోనే పోతుందన్నది ఆమె ఒకే ఒక్క సూత్రం. దాని ప్రకారం వారం ఇలా తిరిగి కూర్చుంటుంది.

శనివారం ఏమీ కొనరు. సామాను హోటల్లో పడేసి లక్సెంబర్గ్ తోటకు వెళ్తారు. అక్కడి ఆకుపచ్చ ఇనప కుర్చీలు ఎవరైనా ఎక్కడికైనా లాక్కుని కూర్చోవచ్చు, రుసుము లేదు. మే నెలలో పారిస్ మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు రోజులు కుటుంబం తెల్లారగట్లే లేచి, సాయంత్రం ఏడింటికే తూలుతుంది. అందుకే ఐఫిల్ టవరు ఆదివారం పొద్దున్న. సోమవారం రెండు పెద్ద మ్యూజియాల జోలికి పోకుండా సీన్ నది దీవి మీద సాంత్ షాపెల్ రంగు అద్దాలు. అక్కడి నుంచి నాలుగడుగుల్లో నోత్ర్ దామ్. 2019 ఏప్రిల్‌లో కాలి, 2024 డిసెంబరులో తెరుచుకున్న ఆ చర్చిలోకి ప్రవేశం ఉచితం. వరస తప్పినా పోయేది డబ్బు కాదు కాబట్టి దానికి వేళ పెట్టరు.

మంగళవారం పూర్తిగా తెలుపు. వెర్సాయ్‌లో జనం తొక్కుకునే రోజు ఇంకెక్కడైనా ఉండటమే లాభం. ఆ రోజు బావగారు పొద్దున్నే తయారై, బూట్లు కట్టుకుని, మంచం చివర కూర్చుంటారు. ఎక్కడికని అడిగేవారు లేక పక్కనున్న బ్రోషరును రెండుసార్లు చదువుతారు. పదింటికి అత్తగారికి పెరుగన్నం గుర్తొస్తుంది. అలా అందరూ గార్ దు నోర్ స్టేషను వెనక లా షపెల్ వీధుల్లో తేలతారు. శ్రీలంక తమిళుల దుకాణాలు, కరివేపాకు, మునక్కాయలు, చీరల అంగళ్ళు. కాస్త అవతల ఒక వినాయకుడి గుడి, ఏటా ఎండాకాలం చివర రథం ఊరేగేది అక్కడి నుంచే. ఏ ఎర్ర గడిలోనూ లేని ఈ వీధి గురించి అత్తగారు ఊరికి తిరిగొచ్చాక అందరికంటే ఎక్కువ చెబుతారు. బావగారు దాన్ని వెనకటి తేదీతో షీటులో చేరుస్తారు, పసుపు రంగులో.

బుధవారం లూవ్ర్ రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. అప్పటికి నిద్ర వేళలు సర్దుకుని ఉంటాయి, కాబట్టి పగలంతా వదిలేసి సాయంత్రం అయిదున్నరకు టికెట్టు. బృందాలు వెళ్ళిపోయాక మోనాలిసా గదిలో మోచేతులు కాస్త తగ్గుతాయి. మూసే వేళకు అరగంట ముందే గదులు ఖాళీ చేయిస్తారు కనక తొమ్మిదిని ఎనిమిదిన్నరగానే లెక్కించాలి. గురువారం రోజంతా వెర్సాయ్. రాజభవనం పొద్దున్నే చూసేస్తే, మధ్యాహ్నం పన్నెండుకు గానీ తెరవని ట్రియనాన్ భవనాల దాకా తోటలో నడుస్తూ పోవచ్చు. మొదటి షీటులో దీనికి రెండున్నర గంటలు ఇచ్చి, సాయంత్రం షాంజెలీజే పెట్టారు. ఆ గడిని భార్య ఏమీ అనకుండా చెరిపేసింది.

శుక్రవారం పొద్దున్న ఓర్సే, తొమ్మిదిన్నరకు తలుపులు తెరవగానే. ఆ మధ్యాహ్నం దేనికీ ఇవ్వరు. వారంలో వాన వల్లనో, రైలు సమ్మె వల్లనో, చిన్నవాడి జ్వరం వల్లనో పోయినది ఏదైనా ఉంటే ఆ పూటకు జరుగుతుంది. ఏదీ పోకపోతే బావగారికి ఆ పూట మళ్ళీ చేతులు ఖాళీ. ఆయన నది ఒడ్డున గోడ మీద కూర్చుని ఫోను తీస్తారు. భార్య పక్క నుంచి తొంగి చూస్తే, పై పేరు "ఇస్తాంబుల్, 7 రోజులు". మంగళవారం గడి ఇంకా తెల్లగా ఉంటుంది. తోప్‌కాపీ రాజభవనం మంగళవారం మూత.