ఇక అసలు విషయానికొస్తే...

కర్నూలులోనో కడపలోనో సభ జరిగితే ఉపన్యాసకుడికి ఇచ్చేది ఇరవై నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు వేదికనలంకరించిన పెద్దల పేర్లకే పోతాయి. ఒక పేరు వదిలినా అలిగేవాళ్లుంటారు కాబట్టి వాటి జోలికి పోను. మిగతా పదహారు నిమిషాల్లో తానెక్కడున్నాడో వినేవాడికి ఆనవాలు దొరక్కుండా మాట్లాడటం మాత్రం ఒక విద్య. అందులో ఆరితేరినవాళ్లకు మన సీమలో కరువు లేదు.

నవంబరు 16 వచ్చిందంటే శ్రీబాగ్ ఒప్పందం మీద ఉపన్యాసం తప్పదు. దారి తప్పించడానికి ఇంత అనువైన విషయం ఇంకోటి దొరకదు. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇంట్లో ఒప్పందం కుదిరింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న ఆ రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. మన వక్త గుడారాలతో మొదలుపెడతాడు. ఆఫీసులు గుడారాల్లో నడిచిన ముచ్చటంటే ఊళ్లో అందరికీ ఇష్టమే కదా. అక్కణ్ణుంచి ‘అయితే’ అని 1937కు దూకుతాడు. ‘అలాగే’ అని కృష్ణా నీళ్లలోకి దిగుతాడు. ‘అన్నట్టు’ అంటూ జైలుకెళ్లిన మేనమామను పైకి తీస్తాడు. ‘అయితే’ తర్వాత ఎదురుమాట ఉండదు, ‘అలాగే’ తర్వాత పోలిక ఉండదు. వెనక వరసలో మాత్రం సంభాషణ బాగా సాగుతుంటుంది.

“ఏం రెడ్డీ, యింగా శ్రీబాగేనా, రాజధాని కాడికి వచ్చినాడా?”

“ఏమోన్నా, గుడారాల్లోనే ఉన్నట్టుండాడు.”

ఆయన్ని అడిగి చూడండి. “సభికులేమైనా ఒకటో తరగతి పిల్లలా, ఇది అయింది, ఇప్పుడు అది అని చెప్పడానికి?” అంటాడు. పుస్తకం చదివేవాడికి శీర్షికలుంటాయి, అర్థం కాకపోతే పేజీ వెనక్కి తిప్పుకుంటాడు. వినేవాడికి ఆ రెండూ లేవు, వక్త నోరే దిక్కు. ఈ సంగతి బుర్రకథ వాళ్లకు ఎప్పుడో తెలుసు. కథకుడు ఊపులో ఉండగా పక్కనున్న వంత “ఇంతకీ ఎవడు వాడు? తర్వాతేమైంది?” అని అడ్డం తగులుతాడు. తెలియక అడగడు, జనం తరఫున అడుగుతాడు. ఉపన్యాసకుడికి పక్కన వంత ఉండడు కనుక ఆ ప్రశ్న తనే వేసుకోవాలి.

అదే శ్రీబాగ్ ఉపన్యాసాన్ని ఇలా కూడా చెప్పొచ్చు. మొదటి నిమిషంలోనే: “సీమకు ఒప్పందంలో ఇచ్చిన మాటలు రెండు చూద్దాం. ఒకటి రాజధాని, రెండు నీళ్లు. ఏది నిలిచింది, ఏది పోయింది అన్నదే ఈ ఇరవై నిమిషాల ప్రశ్న.” రాజధాని, హైకోర్టు ఒకేచోట ఉండకూడదని, రెండింట్లో ఏది కావాలో ముందు సీమ కోరుకోవాలని ఒప్పందంలో ఉన్న సంగతి చెప్పాక: “కాగితం మీద ఉన్నది ఇది. జరిగిందేమిటో చూడటానికి పదహారేళ్లు ముందుకు, 1953కు వెళ్దాం.” గుడారాల కథ ఇప్పుడు చెబితే దానికో చోటు ఉంటుంది. అది ముగిశాక: “రాజధాని మూడేళ్లు ఉండి వెళ్లిపోయింది. అంటే మొదటి మాట నిలవలేదు. మిగిలింది రెండోది. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో సీమకు ముందు వాటా అన్నారు, అదేమైంది?” అయిపోయినదాన్ని ఒక ముక్కలో మూసి, మిగిలిందేమిటో చెప్పి, తర్వాతిది ఎందుకొస్తోందో ప్రశ్నగా అడగడం. ఒక్కో మలుపుకు పది, పదిహేను సెకన్లు చాలు. తొమ్మిదో నిమిషంలో టీకి లేచి వెళ్లినవాడు తిరిగొచ్చి కూర్చుంటే, తర్వాతి మలుపు దగ్గర దారి దొరికేస్తుంది. మేనమామ ఎక్కడా ఇమడడు. ఇలా చెప్పడం వక్తలకు గిట్టకపోవడానికి అసలు కారణం అదేనని నా అనుమానం.

కొందరు గురుతులు చెబుతారు గానీ అవి అబద్ధాలు. “ఐదు కారణాలున్నాయి” అన్న పెద్దమనిషి రెండో కారణం దగ్గర చతికిలబడతాడు. మిగిలిన మూడూ ఎప్పుడొచ్చిపోయాయోనని జనం వేళ్లు మడుస్తూనే ఉంటారు. “చివరగా” అన్న మాట వినగానే చెప్పుల కోసం కాళ్లు తడుముకుంటాయి. మూడో “చివరగా” తర్వాత ఆ మాటను ఎవరూ నమ్మరు, నిజంగా చివరికొచ్చినప్పుడు కూడా. అలాంటి ఆనవాలు చెప్పడం కన్నా చెప్పకపోవడమే మేలు. ఇంకో రకం ఉంది, శిక్షణ తరగతికి వెళ్లొచ్చిన రకం. “ఇప్పుడు నేను చెప్పబోయేదేమిటంటే” అని వాక్యవాక్యానికీ అంటాడు, చెప్పబోవడంతోనే సరిపోతుంది. కథ చెప్పేవాడు కూడా కాస్త చూసుకోవాలి: ముందే “ఇందులో ఆయన మోసపోతాడు” అంటే ఇక వినడానికేముంది?

ఎవరి ఉపన్యాసం తలకెక్కిందో తెలుసుకోవాలంటే చప్పట్లు లెక్కపెట్టొద్దు, వందన సమర్పణ చేసేవాణ్ణి చూడండి. పాపం, అతనూ అక్కడే కూర్చుని విన్నవాడే. “రాజధాని మాట, నీళ్ల మాట చక్కగా విడదీసి చెప్పారు” అన్నాడంటే వక్త గట్టివాడు. “అమూల్యమైన విషయాలు ఎన్నో తెలియజేశారు” అన్నాడంటే, గుడారాల దగ్గర తప్పిపోయినవాడు ఇంకా బయటికి రాలేదు.