మా షుగరుకు మళ్లీ బారసాల

కొత్త బీమా కంపెనీ వారి దివ్యసముఖానికి,

మీరు పంపిన పాలసీ కాగితం అందింది. పేరు, ప్రీమియం సరిగ్గానే ఉన్నాయి. ప్రీమియంలో మీరెప్పుడూ పొరబడరు లెండి. ‘మొదటి పాలసీ తేదీ’ దగ్గర మాత్రం 2025 జూన్ అని వేసి, నా షుగరుకు 36 నెలల వెయిటింగ్ పీరియడ్ పెట్టారు. అంటే దానికి మీ ఆఫీసులో మళ్లీ పురుడు పోసి, బారసాల కూడా చేసేశారన్నమాట!

అయ్యా, నేను కొత్తగా చేరలేదు, పోర్ట్ అయి వచ్చాను. పాత కంపెనీలో 2021 జూన్‌లో అయిదు లక్షల పాలసీ తీసుకున్నాను. షుగరుందని ఆరోజే రాసిచ్చాను. ఏ ఏడూ గడువు తప్పకుండా కట్టాను. పాత పాలసీ ప్రకారం 48 నెలలైనా, మీ లెక్క ప్రకారం 36 నెలలైనా, రెండూ నిండిపోయాయి.

అడిగితే ‘సిస్టమ్‌లో పాత చరిత్ర కనిపించడం లేదు’ అన్నారు. ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం పాత కంపెనీ 72 గంటల్లో ఆ వివరాలు పోర్టల్ ద్వారా మీకివ్వాలి. అవి అందిన 5 రోజుల్లో మీరు నిర్ణయం చెప్పాలి. కావాలంటే అప్పుడే నన్ను వద్దనవచ్చు, ఆ హక్కు మీకుంది. వద్దనలేదు సరికదా, షుగరుందని ప్రీమియం పెంచి మరీ తీసుకున్నారు. ప్రీమియం పెంచేటప్పుడు నా షుగరు పాతది, క్లెయిము దగ్గరికొచ్చేసరికి నిన్నటిది. దీనికి మధుమేహ నిపుణులు కూడా పేరు పెట్టలేరు.

నేను అత్యాశకు పోవడం లేదు. మీ దగ్గర తీసుకున్నది పది లక్షల పాలసీ. పాత అయిదు లక్షలు, దాని మీద చేరిన లక్ష బోనసు, మొత్తం ఆరు లక్షల వరకే నా నిరీక్షణ తీరినట్టు లెక్క. కొత్తగా పెంచుకున్న నాలుగు లక్షలకు 36 నెలలూ ఆగుతాను, అది న్యాయమే. మారటోరియం కూడా ఇలాగే చూడండి. 60 నెలలు వరసగా నిండాక, మోసం రుజువైతే తప్ప, ఏదో చెప్పలేదంటూ క్లెయిము ఆపకూడదు. ఆరు లక్షల వరకు నాకు 48 నెలలు అయిపోయాయి, మిగిలింది 12. మీ కాగితం ప్రకారమైతే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాలి.

నాలుగేళ్ల పాలసీ కాగితాలు, పోర్టింగ్ దరఖాస్తు నకలు జతచేశాను. ‘కంగారు పడకండి సార్, అంతా ఉంటుంది’ అన్న మీ ఏజెంటు మాట మాత్రం జతచేయలేకపోయాను, అది గాల్లో ఉంది. మొదటి పాలసీ తేదీ 2021 జూన్ అనీ, ఆరు లక్షల వరకు వెయిటింగ్ తీరిందనీ ఎండార్స్‌మెంట్ రాసి పంపండి. ఫోన్లో చెబితే చెల్లదు. నేను ఆసుపత్రిలో ఉండగా వెతుక్కునేది కాగితాన్నే.

పంపకపోతే ముందు మీ ఫిర్యాదుల అధికారికి, అక్కడా పని కాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఈ ఉత్తరమే వెళుతుంది. అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు.

ఇట్లు,
నాలుగేళ్లు వేచి ఉన్న మీ పాలసీదారు