ఫోన్ నాది గాదు బిడ్డా

ఎన్నెస్సెస్ ఏడు రోజుల శిబిరానికి ఏ పని పెట్టుకోవాలి అని అడిగితే మా వాలంటీర్ల తొలి ఓటు ఎప్పుడూ చీపురుకే. ఫొటోలో చీపురు బాగా పడుతుంది, నివేదికలో ఇంకా బాగా పడుతుంది. కానీ మేమున్నది సూరత్‌లో. 1994 ప్లేగు తర్వాత ఈ ఊరికి చీపురు పూనకం వచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి మొదటి ర్యాంకు కొట్టింది. మనం పళ్లు తోముకునేసరికి కార్పొరేషన్ వాళ్లు రోడ్డు ఊడ్చేసి పోతారు. ఇక్కడ శ్రమదానం చేయాలంటే చెత్త బయటినుంచి తెప్పించుకోవాలి.

అందుకని ఈసారి లింబాయత్‌లో మన తెలుగు పెద్దలకు ఫోన్ నేర్పుదామన్నారు. వరంగల్, కరీంనగర్ వైపునుంచి సాంచలు నడపడానికి వచ్చి ఇక్కడే ముసలివాళ్లయిన పద్మశాలీలు. పిల్లలు ఉత్సాహంగా సర్వేకు బయల్దేరి, “డిజిటల్ అక్షరాస్యత కావాలా?” అని ఇంటింటా అడిగారు. అందరూ కావాలన్నారు. ఒకావిడ సంచీ కూడా తెచ్చుకుంది.

ప్రశ్న మార్చాం. “పోయిన నెల ఫోన్ పట్టుకొని ఎవరి దగ్గరికి పోయారు? ఏం పనిమీద?” ఈసారి నిజాలు రాలాయి. ఊళ్లో చెల్లెల్ని వీడియోలో చూడటానికి మనవడి దగ్గరికి. గుడ్ మార్నింగ్ గులాబీలతో నిండిన ఫోన్ ఖాళీ చేయించడానికి పక్కింటి పిల్ల దగ్గరికి. ఒక కూరగాయలావిడ అమ్మిన సరుకు డబ్బు పడిందో లేదో చూపించుకోవడానికి కిరాణా కొట్టుకు. ఆ కొట్టతనికి ఆవిడ పిన్ కూడా తెలుసు. “మంచోడే సారూ” అంది.

ఆ మాటతోనే మా పాఠం ఖాయమైంది. ఇక మిగిలింది సమయం. మధ్యాహ్నం తీరిక కదా అని మూడింటికి పెడితే జనం నిండుగా వచ్చారు, ఫోన్లు రాలేదు. “ఫోన్ నాది గాదు బిడ్డా, మా కొడుకుది. గాయనతోని సాంచలకాడికి పోయింది.” కార్ఖానాలో షిఫ్టు పన్నెండు గంటలు. పొద్దున ఏడింటికి పోయిన ఫోన్ రాత్రి ఏడు దాటాకే ఇల్లు చేరుతుంది. కాబట్టి క్లాసు రాత్రి ఎనిమిదింటికి. టీవీ సీరియల్‌తో పోటీ పడ్డ సమాజసేవ మాదొక్కటే అయ్యుండాలి.

మరో చిక్కు లిపి. ఇక్కడే పుట్టిన మన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే గుజరాతీయే చదువుతారు. పెద్దల్లో చదవగలిగినవాళ్లకు తెలుగే వచ్చు. ఫోనేమో ఇంగ్లీషులో ఉంటుంది. ఫోన్ భాష తెలుగుకు మారిస్తే పెద్దలకు వెలిగింది, నేర్పేవాళ్లకు చీకటైంది! దాంతో ఒక తాతకు మనవడు ఎక్కడ నొక్కాలో చూపించడం, ఆ మనవడికి తాత అక్కడేం రాసుందో చదివి చెప్పడం.

పాఠం ఒక్కటే. వాలంటీరు ఒక్కొక్కరికి ఒక రూపాయి పంపుతాడు. “పిన్ అడిగిందా?” “అడగలే.” “రూపాయి వచ్చిందా?” “వచ్చింది.” ఇప్పుడు అదే రూపాయి వాళ్లచేత తిరిగి పంపిస్తాం. ఈసారి పిన్ అడుగుతుంది. పిన్ కొట్టామంటే డబ్బు పోతున్నట్టే. రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ చేయడమూ అక్కర్లేదు. “నీకు డబ్బులొస్తయి, గీ కోడ్ స్కాన్ చెయ్యమ్మా” అని ఎవడైనా అంటే వాడు దొంగ. అప్పటికే డబ్బు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత ఆలస్యమైతే ఆ డబ్బు అన్ని ఖాతాలు దాటిపోతుంది. నేర్చుకున్నారో లేదో తేల్చుకోవడానికి మర్నాడు వేరే వాలంటీరును కొత్త మొహంతో పంపి, స్కాన్ చేయించుకోమన్నాం. కూరగాయలావిడ వాణ్ణి తూకపురాయి చూపించి తరిమింది. ఆవిడ పాసు.

కొందరు పిల్లలు లైఫ్ సర్టిఫికెట్ల పనే ప్రధానంగా పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. సాంచలు నడిపినవాళ్లలో పీఎఫ్ పింఛను ఉన్నవాళ్లు బహు తక్కువ. పైగా అది మనం చేసిపెట్టే పని, వాళ్లు నేర్చుకునేది కాదు. అయినా ఒక సాయంత్రం కేటాయించాం. నూలుతో అరిగిన వేళ్లను వేలిముద్రల యంత్రం గుర్తుపట్టదు, అందుకని ముఖంతో. వాలంటీరు ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు ఎక్కించి, ముందు వాడి ముఖం చూపించాలి, తర్వాత పెద్దాయనది. ఒక్క ఫోన్‌తో ఎందరికైనా చేయొచ్చు. వెలుతురు ముఖంమీద పడాలి, పీపీఓ నంబరు చేతిలో ఉండాలి. పీఎఫ్ పింఛనుకైతే ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతుంది, నవంబరు దాకా ఆగక్కర్లేదు.

యాప్ కళ్లు ఆర్పమంది. పెద్దాయన గుడ్లప్పగించి చూస్తున్నాడు.

“కళ్లు మూసి తెరువు తాతా.”

“బతికున్ననని చెప్పనీకి కండ్లు మూయాల్నా?” అన్నాడాయన.

మూశాడు, తెరిచాడు, ముఖం కుదిరింది. కానీ అంతకుముందే అడిగిన ఓటీపీ కోసం అరగంట ఆగాం. అది నైట్ షిఫ్టులో ఉన్న చిన్నకొడుకు జేబులో మోగింది. సాంచల చప్పుడులో వాడికి వినపడలేదు.