టైమే ఇస్తలేరన్నా!

నారాయణఖేడ్‌లో సాయంత్రం పూట ఫుట్‌బాల్ ఆడే గుంపులో ఒకాయన తప్పకుండా ఉంటాడు. నడుమ ఆడతాడు, బంతి కావాలని అందరికంటే గట్టిగా అరుస్తాడు. పాస్ ఇచ్చేవాడి వైపు ఛాతీ తిప్పి, వీపు గోల్‌కు అప్పగించి, బంతి మీంచి కన్ను తీయకుండా నిలబడతాడు. ముందు బంతి వస్తుంది, వెంటనే ప్రత్యర్థి వస్తాడు, ఆఖరున "వెనక ఉన్నడురా!" అన్న కేక వస్తుంది. బంతి పోయాక ఆయన ఫిర్యాదు ఒక్కటే: "టైమే ఇస్తలేరన్నా!" నిజమే, ఎవరూ ఇవ్వరు. నడుమ ఆడేవాడు తన టైమును బంతి రాకముందే మెడతోనూ నడుముతోనూ సంపాదించుకోవాలి.

లెక్క చూద్దాం. పదిహేను మీటర్ల పాస్ చేరడానికి సుమారు సెకనున్నర పడుతుందనుకుందాం. వెనక పన్నెండు మీటర్ల దూరంలో ఉన్నవాడు పాస్ కదిలిన క్షణాన పరుగందుకుంటే రెండు సెకన్లలో మీద పడతాడు. మిగిలింది అర సెకను. మనవాడు బంతిని ఆపి, తిరిగి, తల ఎత్తేసరికి సెకను దాటుతుంది. అదే పక్కకు తిరిగి, పాస్ ఇచ్చేవాడూ ఎదుటి గోల్ రెండూ కంటికి ఆనేలా నిలబడి, బంతిని దూరపు కాలితో అందుకుంటే మొదటి టచ్‌తోనే ముందుకు సాగిపోతాడు. తిరగడానికయ్యే ఖర్చు ఉండదు. ఏ పక్కకు సాగాలో మాత్రం భుజం మీంచి వేసిన చూపే చెప్పాలి. నార్వే పరిశోధకుడు గేయిర్ యోర్డెట్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల వీడియోలు లెక్కగడితే, బంతి అందేముందు ఎక్కువసార్లు వెనక్కి చూసే మిడ్‌ఫీల్డర్ల పాస్‌లే ఎక్కువగా చేరాయని తేలింది. ఫ్రాంక్ లాంపార్డ్ పది సెకన్లకు ఆరుసార్లు చూసేవాడు.

"కన్ను తీస్తే బంతి జారదా?" అని మనవాడి వాదన. జారుతుంది, చివరి క్షణంలో తీస్తే. పాస్ ఇచ్చేవాడు బంతిని సర్దుకుంటున్నప్పుడు ఒకసారి, అది కాలు వదిలాక మరోసారి చూసి, చేరేలోగా చూపు తిప్పుకోవాలి. గతుకుల నేల మీద ఆ రెండో చూపు ఇంకా పొట్టిదవుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. ప్రత్యర్థి వీపుకు అతుక్కుని ఉంటే పక్కకు తెరుచుకోవడమూ ప్రమాదమే. అప్పుడు బంతికీ వాడికీ మధ్య ఒళ్లు అడ్డుపెట్టి, ఒక్క టచ్‌లో వెనక్కి ఇచ్చేయడం మేలు. కానీ వాడు అతుక్కున్నాడో లేదో తెలియాలన్నా చూడాలిగా! 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్, హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నడిపేవారు. అలాంటి ఆటలో బంతి వచ్చాక ఆలోచించుకునే వీలెక్కడిది?

ఇదంతా విన్నాక మనవాడు మెడ తిప్పడం మొదలుపెడతాడు, అందంగా, పదే పదే. చూస్తున్నాడా, ఊరికే తిప్పుతున్నాడా అని తేల్చే సాధన ఒకటుంది. కోచ్ వెనక నిలబడి వేళ్లు చూపిస్తాడు, బంతి అందేలోగా ఎన్నో చెప్పాలి. మనవాడు మూడుసార్లు తిరిగి చూసి, బంతి ఆపి, అడుగుతాడు: "ఏ వేళ్లన్నా?"