ఘడియ తేడా

ఉప్పలగుప్తంలో మా పెదనాన్న సిద్ధాంతి. వీధి అరుగు మీద పాత పంచాంగాల దొంతర, పక్కన తెల్లకాగితాలు, చెవిలో పెన్సిలు. పెళ్ళి పొంతన కోసం వచ్చినవాళ్ళకి గుణాలు చెప్పేశాక, "ఉండండి, దశలు కూడా చూద్దాం" అనేవాడు.

ఆ రోజు వచ్చింది రొయ్యల చెరువులున్న కుర్రాడి జాతకం. అమ్మాయిది అల్లవరం వైపు, కొబ్బరితోటల ఇల్లు. అబ్బాయి పుష్యమి, అమ్మాయి అశ్విని. ఇద్దరిదీ దేవగణం, నాడులు వేరు. 36 గుణాలకి 18 వస్తే చాలంటారు, ఇక్కడ అవి ఎప్పుడో దాటిపోయాయి. మధ్యవర్తి మొహం వెలిగిపోయింది.

పెదనాన్న చెవిలో పెన్సిలు తీశాడు.

"గుణాలు చూసేది చంద్రుడున్న నక్షత్రాన్ని బట్టి. అవి ఎప్పటికీ మారవు. మనిషికి కాలం మాత్రం మారుతుంది కదండీ" అంటూ లెక్క మొదలెట్టాడు. నక్షత్రం సుమారు 60 ఘడియలు. అబ్బాయి పుట్టేసరికి పుష్యమిలో ఇంకా 35 ఘడియలున్నాయి. పుష్యమికి శని దశ, 19 ఏళ్ళు. అందులో అనుభవించాల్సింది 11 ఏళ్ళ చిల్లర. తర్వాత బుధుడు 17 ఏళ్ళు. అంటే 28 దాటగానే బుధ దశ అయిపోయి కేతువు వస్తాడు. అమ్మాయికి అశ్వినిలో 26 ఘడియలు మిగిలాయి. కేతు దశ ఏడేళ్ళలో మూడేళ్ళు, ఆపైన శుక్రుడు 20 ఏళ్ళు. 23 నిండగానే రవి దశ.

"అబ్బాయికి దశ మారేది వచ్చే శ్రావణంలో, అమ్మాయికి ఆశ్వయుజంలో. రెండు నెలలే తేడా. దీన్నే దశాసంధి అంటారు. ఒకరికి కాలం తిరగబడేటప్పుడు రెండోవారు నిలకడగా ఉంటే ఆసరా. ఇద్దరికీ ఒకేసారి తిరగబడితే ఎవర్ని ఎవరు పట్టుకుంటారు? కనీసం ఆరు నెలలన్నా ఎడం ఉండాలంటాను నేను. కొందరు ఏడాది కావాలంటారు, కొందరు అసలు చూడనే చూడరు."

మధ్యవర్తి నీరుగారిపోయాడు. "మరి ఇంకేం దారీ లేదాండి?"

"పుట్టిన టైము సరైందో కాదో ఓసారి కనుక్కోండి. ఘడియంటే 24 నిమిషాలు. ఆ ఒక్క ఘడియ తేడాకే శని దశలో దాదాపు నాలుగు నెలలు జరిగిపోతుంది."

పదిరోజులు తిరక్కుండా మధ్యవర్తి మళ్ళీ అరుగెక్కాడు. "అబ్బాయి గారి నాయనమ్మకి గుర్తొచ్చిందండి. 48 నిమిషాలు ముందే పుట్టాడంట. ఆళ్ళ గోడ గడియారం ఫాస్టుగా నడిచేదంట."

పెదనాన్న లెక్కేశాడు. రెండు ఘడియలు ముందు పుడితే ఆ మేరకు శని దశ పెరుగుతుంది. బుధ దశ ముగింపు శ్రావణం దాటి చైత్రానికి వెళ్ళింది. అమ్మాయిది ఆశ్వయుజంలోనే ఉండిపోతే ఎడం దాదాపు ఆరు నెలలు, సంధి తప్పినట్టే.

"బాగానే ఉంది" అన్నాడు.

"అదేనండి... అమ్మాయి తరఫువాళ్ళు కూడా కనుక్కున్నారండి" మధ్యవర్తి ఇంకో కాగితం తీశాడు. "మంత్రసాని చెప్పిందంట. రెండు గంటలు ముందేనంట."

పెన్సిలు మళ్ళీ కదిలింది. అయిదు ఘడియలకి కేతు దశలో ఏడు నెలలు. ఆశ్వయుజం వైశాఖమైంది. చైత్రానికీ వైశాఖానికీ మధ్య మిగిలింది నెలన్నర.

"రెండు నెలల తేడాని నెలన్నర చేసి పట్టుకొచ్చావయ్యా" అన్నాడు పెదనాన్న. "పైగా రెండు గంటలు జరిపేసరికి అమ్మాయి లగ్నం ఒక రాశి వెనక్కిపోయింది. మొన్న ఆరో ఇంట్లో ఉన్న కుజుడు ఇవాళ ఏడో ఇంట్లో కూర్చున్నాడు. లేని కుజదోషం కూడా తెచ్చారు."

మధ్యవర్తి తల దించుకున్నాడు. "ఇద్దరికీ నేనే చెప్పానండి, కాస్త ముందు పుట్టినట్టు గుర్తు తెచ్చుకోండని. ఒకరికి చెప్పింది రెండోవారికి తెలీదండి."

పెదనాన్న కాగితాలు రెండూ మడిచి అతని చేతికిచ్చాడు. మళ్ళీ తిప్పి పంపేస్తాడనే అనుకున్నాను.

"పాత టైములే ఉంచండి. సంధికి శాంతి చేయించండి. ముహూర్తం నేను పెడతాను."

"మరి పొంతన?"

"ఒకే అబద్ధం, ఒకే దిక్కుకి, ఒకరికి తెలియకుండా ఒకరు ఆడారు. ఇన్నేళ్ళలో రెండిళ్ళు ఇంతలా కలవడం నేను చూళ్ళేదు. ఒక్కటే షరతు. వాళ్ళకి బిడ్డ పుట్టే వేళకి గడియారం చూసే మనిషిని మాత్రం నేను పంపిస్తాను."