కరెంటు బిల్లుంటే లోకలేనట!

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి అపార్ట్‌మెంటుకీ సొంత న్యాయస్థానం ఒకటి ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకి లిఫ్టు పక్కన కొలువు తీరుతుంది. ఏ చిక్కు వచ్చినా అక్కడ ఒకటే తీర్పు: "ఏం కంగారు పడకండి అన్నయ్యగారూ, మీసేవకెళ్లి ఒక రెసిడెన్స్ సర్టిఫికెట్ తీయించండి. మీవాడు లోకల్ అయిపోతాడు." వాదన కూడా గట్టిదే. పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నాం, ఇంటిపన్ను ఇక్కడే కడుతున్నాం, కరెంటు బిల్లు మన పేరునే వస్తోంది, ఓటూ ఇక్కడే ఉంది. ఇంతకంటే లోకల్ ఎవడు?

ప్రభుత్వం దృష్టిలో చాలామందే ఉన్నారు. అసలు ఆ కాగితం ఏం చెబుతుందో చూద్దాం. మీసేవలో అర్జీ పెట్టి ఆధార్, కరెంటు బిల్లు, ఇంటిపన్ను రసీదో అద్దె ఒప్పందమో జత చేస్తే అది మండల తహసీల్దార్ ఆఫీసుకి వెళ్తుంది. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణ చేసి రాస్తాడు, తహసీల్దారు సంతకం పెడతాడు. చేతికొచ్చిన పత్రంలో ఉండేది ఒక్క వాక్యం సరుకు: ఫలానా వ్యక్తి ఫలానా డోర్ నంబరులో నివసిస్తున్నాడు. అంతే. అతని పిల్లాడు ఎక్కడ చదివాడు, తాతది ఏ ఊరు, సంక్రాంతికి ఎటు పోతాడు అన్నవాటి మీద ఆ పత్రానికి ఏ అభిప్రాయమూ లేదు.

తాతది ఏ ఊరో చెప్పేది నేటివిటీ. మన దగ్గర అది కులం, పుట్టిన తేదీలతో కలిపి ఒకే పత్రంగా రావడం మామూలు. దానికీ తహసీల్దారే సంతకం పెట్టినా, ఆ తహసీల్దారు వేరు. సొంతూరు అమలాపురం వైపు అయితే కూకట్‌పల్లి మండలాఫీసులో ఎంత సేపు నిలబడినా ఫలితం ఉండదు. అక్కడి మూల రికార్డులు ఇక్కడి బీరువాలో ఉండవు కదా. పైగా ఈ రెండు పత్రాలకీ గడువు స్వభావమే వేరు. ఇల్లు మారితే నివాసం మారిపోతుంది. మియాపూర్‌కి సామాను దించిన రోజున కూకట్‌పల్లి నివాస పత్రం పాత కాగితమే. నేటివిటీ అలా కాదు, అమెరికా వెళ్లి స్థిరపడినా వెంటే ఉంటుంది.

మరి డొమిసైల్? కేంద్ర బలగాల కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే కుర్రాడిని ఆ గడి అడుగుతుంది, ఎందుకంటే అక్కడ ఖాళీలను రాష్ట్రాలవారీగా పంచుతారు. మీసేవ కౌంటర్లో "డొమిసైల్ ఇయ్యన్నా" అంటే అక్కడి తమ్ముడు ఒక క్షణం ఆలోచించి "రెసిడెన్సా, నేటివిటీనా?" అని ఎదురడుగుతాడు. పాపం అతని తప్పేమీ లేదు. 1984లో ప్రదీప్ జైన్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది: భారతదేశంలో ఉన్నది ఒకటే డొమిసైల్, అది భారతదేశానిది. రాష్ట్రానికో డొమిసైల్ అన్నది రాజ్యాంగంలో లేదు. 2025 జనవరిలో తన్వీ బెహల్ కేసులో పీజీ వైద్య సీట్లకు నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని కొట్టేస్తూ మళ్లీ అదే మాట చెప్పింది. కోర్టు లేదన్నదాన్ని ఫారం అడుగుతూనే ఉంటుంది. మనం నివాస పత్రమే ఆ గడిలో అప్‌లోడ్ చేసి, స్వీకరిస్తే దేవుడికి దణ్ణం పెట్టుకుంటాం.

ఇప్పుడు లిఫ్టు కోర్టు తీర్పుని ఒక కుర్రాడి మీద అమలు చేసి చూద్దాం. కుర్రాడు కల్పితమే గానీ కాలనీలో ఏ గేటు ముందు పిలిచినా ఒకడు పలుకుతాడు. పుట్టింది ఇక్కడ. ఒకటి నుంచి పది దాకా చదివింది ఇక్కడ. తర్వాత రివాజు ప్రకారం డాక్టర్ని చేద్దామని విజయవాడ హాస్టల్లో వేశారు. 2024లో ఇంటర్ అయింది, నీట్‌లో మార్కులూ వచ్చాయి. అమ్మానాన్నా, ఇల్లూ, బ్యాంకు లోనూ అన్నీ కూకట్‌పల్లిలోనే ఉన్నాయి.

వాడికంటే ముందు ఇదే దారిలో వెళ్లినవాళ్లకి ఇబ్బంది రాలేదు. పాత లెక్కలో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు చూసేవారు, ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి లోకల్. అయిదేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ అంటే తెలంగాణవాడే. రాష్ట్ర విభజన చట్టం ఉమ్మడి ప్రవేశాలకిచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. జులై 19న జీవో 33 వచ్చింది. ఏడేళ్ల లెక్క పోయి నాలుగేళ్ల లెక్క మిగిలింది: తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరసగా తెలంగాణలోనే చదవాలి, అర్హత పరీక్షా ఇక్కడే పాసవ్వాలి. మన కుర్రాడికి నాలుగులో రెండే ఉన్నాయి. పోనీ ఆంధ్రావైపు వెళ్దామా అంటే అక్కడ కూడా చదువే అడుగుతారు, అక్కడా ఉన్నవి రెండేళ్లే. రెండు రెళ్లు నాలుగు అన్నది ఎక్కాల పుస్తకంలో నిజం, కౌన్సెలింగ్‌లో కాదు. కృష్ణకి ఈవలా నాన్‌లోకల్, ఆవలా నాన్‌లోకల్.

అప్పుడు నాన్నగారు లిఫ్టు కోర్టు చెప్పిన అస్త్రం తీస్తారు. "ఇదిగో సార్ రెసిడెన్స్ సర్టిఫికెట్. నిబంధనలో 'నివాసం' అనే మాట కూడా ఉంది, చదివాను." ఉంది, నిజమే. కానీ అది ఎవరికోసం? ఆ నాలుగేళ్లలో ఏ విద్యాసంస్థలోనూ చదవకుండా ప్రైవేటుగా పరీక్ష రాసినవాడికి. బడికి పోనివాడికి స్టడీ సర్టిఫికెట్ ఇచ్చే దిక్కు ఉండదు కాబట్టి, నాలుగేళ్లు ఇక్కడ ఉన్నాడని తహసీల్దారుని రాయమంటారు. విజయవాడలో లక్షలు పోసి చదివించినవాడికి ఆ తలుపు మూసుకుపోయింది. ఏ కాలేజీలోనూ వేయకుండా కూకట్‌పల్లి బాల్కనీలో కూర్చోబెట్టి ఉంటే, ఈ పాటికి తహసీల్దారు సంతకంతో లోకల్ అయ్యేవాడు! ఇంజినీరింగులో అయితే 85 శాతం లోకల్ సీట్లు పోను మిగిలిన 15 శాతంలో తల్లిదండ్రుల పదేళ్ల నివాసానికి కొంత విలువుంది. లిఫ్టు కోర్టుకి ఆ పదిహేను శాతం గాలి సోకి, దాన్ని నూటికి నూరూ చేసేసింది.

ఈ కుర్రాడి బాధ హైకోర్టుకి నిజంగానే చేరింది. 2024 సెప్టెంబరు 5న తెలంగాణ హైకోర్టు, శాశ్వత నివాసులకి ఈ నిబంధన వర్తించదు, శాశ్వత నివాసి ఎవరో మార్గదర్శకాలు మీరే రాసుకోండి అని ప్రభుత్వానికి చెప్పింది. లిఫ్టు దగ్గర స్వీట్లు పంచారు. రెండు వారాలు దాటగానే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, కోర్టుకెక్కిన విద్యార్థులకి మాత్రం ఆ ఏటికి వెసులుబాటు దొరికింది. 2025 సెప్టెంబరు 1న జస్టిస్ గవాయ్ ధర్మాసనం హైకోర్టు తీర్పుని పక్కనబెట్టి, నాలుగేళ్ల నిబంధన సక్రమమేనంది. తెలంగాణ ప్రభుత్వోద్యోగుల పిల్లలకీ, సైనికుల పిల్లలకీ తల్లిదండ్రుల కొలువు వల్ల బయట చదివితే మినహాయింపు ఇస్తామని ప్రభుత్వమే ప్రతిపాదించింది, సరేనన్నారు. మాదాపూర్ కంపెనీ రెండేళ్ల ప్రాజెక్టుకి బెంగళూరు పంపితే పిల్లని వెంట తీసుకెళ్లి తొమ్మిది, పది అక్కడ చదివించిన టీమ్ లీడరు ఆ జాబితాలో లేడు. ఆయన తిరిగొచ్చాక హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో గంటన్నర నలగడం మాత్రం యథాతథం.

శాశ్వత నివాసాన్ని కొలవడం ఇక్కడ కొత్త ప్రయోగమేమీ కాదు. నిజాం కాలపు ముల్కీ నిబంధనలు చేసింది అదే. బయటివాడు ముల్కీ కావాలంటే పదిహేనేళ్లు ఇక్కడ ఉండాలి. అంతటితో సరిపోదు, పాత ఊరికి తిరిగిపోయే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్ ఇవ్వాలి. ఫలితం ఏమైంది? దొంగ ముల్కీ సర్టిఫికెట్ల వ్యాపారం. దానిమీద 1952లో విద్యార్థులు రోడ్డెక్కారు, సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. 1972 అక్టోబరులో ఆ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అంటే ఆంధ్ర ప్రాంతం అట్టుడికింది, రెండేళ్లు తిరక్కుండానే వాటిని రద్దు చేసి ఆరు సూత్రాల పథకం, 371-డి అధికరణం తెచ్చారు. నివాసం బదులు చదువుని కొలబద్దగా పెట్టుకోవడం ఆ గాయం నుంచి వచ్చిన ఉపాయమే. ఇంట్లో ఉన్నాడో లేదో పక్కింటివాడి సాక్ష్యం, బడిలో ఉన్నాడో లేదో హాజరుపట్టీ సాక్ష్యం. ఆ హాజరుపట్టీని కూడా 'డమ్మీ అడ్మిషన్' పేరుతో లొంగదీసుకున్నామనుకోండి, అది వేరే పురాణం.

అయినా ఆ పాత అఫిడవిట్ ఇవాళ అడిగితే ఎంత బాగుండునో! "స్వగ్రామానికి తిరిగిపోయే తలంపు మానుకొన్నవాడను" అని కాలనీలో సంతకం పెట్టేవాళ్లని చూడాలని ఉంది. జనవరి 11న సంతకం పెట్టి, 12 తెల్లవారకముందే పంతంగి టోల్‌గేటు దాటేస్తారు. అక్కడే ఆపి విచారణ పెడితే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కి కూకట్‌పల్లి దాకా వచ్చే శ్రమ తప్పుతుంది. ఆయన కూడా సంక్రాంతికి ఊరెళ్లకపోతే.

మన కుర్రాడి సంగతి మిగిలిపోయింది. వాడు ఎక్కడో దూరాన డబ్బు కట్టి ఎంబీబీఎస్ చదివి తిరిగొచ్చాడనుకోండి, ప్రభుత్వ డాక్టరు ఉద్యోగానికి దరఖాస్తు పెడతాడు. అక్కడ లెక్క మళ్లీ వేరు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాల్లో 95 శాతం లోకల్‌వాళ్లకే, ఆ లోకల్ ఎవరో తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదువు. తొమ్మిది ఎక్కడ, ఇంటర్ ఎక్కడ అని ఎవరూ అడగరు. ఏడేళ్లూ కూకట్‌పల్లిలో చదివాడు కాబట్టి వాడు శుద్ధ లోకల్. డాక్టర్ చదవడానికి పరాయివాడు, డాక్టర్ కొలువుకి స్థానికుడు. అప్పుడు కూడా తహసీల్దారు నివాస పత్రం తీసుకెళ్తే పక్కన పెట్టమంటారు. కావలసింది ఆ ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు. బడి ఉన్నది అపార్ట్‌మెంటు కింద రెండంతస్తుల్లో. ఇప్పుడక్కడ మండీ బిర్యానీ అమ్ముతున్నారు. పాత అడ్మిషన్ రిజిస్టరు కోసం మండల విద్యాధికారి ఆఫీసులో అడగాలి. బడి నడిచిన రోజుల్లో అది బాలానగర్ మండలం, రంగారెడ్డి జిల్లా. 2016 తర్వాత కూకట్‌పల్లి మండలం, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. రిజిస్టరు వీటిలో ఏ బీరువాలో ఉందో వెతకడానికి, ఇల్లు ఎక్కడున్నా సరే, రెండు ఆఫీసులకీ వెళ్లాల్సిందే.