అక్కకు మెసేజ్ పెట్టు విధానము

అక్కకు మెసేజ్ పెట్టడానికి అరనిమిషం చాలనుకునేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకి అక్క లేదన్నా అయి ఉండాలి, ఆ అక్క దగ్గర అమ్మ నగ లేదన్నా అయి ఉండాలి. రెండూ ఉన్న చెల్లెళ్ళకి తక్కువలో తక్కువ ఒక రాత్రి పడుతుంది. అలాంటివాళ్ళ సౌకర్యార్థం ఈ విధానం రాస్తున్నాం. ఉదాహరణకి తెనాలి చెల్లెల్నీ, కూకట్‌పల్లి అక్కనీ తీసుకుందాం.

వాళ్ళమ్మకి పది కాసుల్లో కాసుల పేరు ఉండేది. కాసు ఎనిమిది గ్రాములు, మొత్తం ఎనభై. అమ్మ పోయిన ఏడాది తిరిగాక అక్క తన కూతురి పెళ్ళికని అడిగింది. "ఒక్క పెళ్ళికేనే, అవగానే ఇచ్చేస్తా" అంది. పెళ్ళయింది. ఆ పిల్లకి పిల్లాడు పుట్టి బడికి కూడా వెళ్తున్నాడు. ఇప్పుడు చెల్లెలి కూతురికి నిశ్చితార్థం కుదిరింది. కాసుల పేరు అడగాలి. సమస్య ఇంతే.

కావలసినవి

ఫోను, మంచం దాకా వచ్చే ఛార్జరు వైరు, ఫ్లాస్కులో కాఫీ, గాఢంగా నిద్రపోయే భర్త. చివరిది ముఖ్యం. మేలుకుని ఉంటే "ఫోన్ చేసి అడగొచ్చుగా" అనేసి అటు తిరిగి పడుకుంటాడు. అంత సులువైన సలహా చెవిన పడ్డాక రాత్రంతా కూర్చోవడానికి మనసొప్పదు.

మొదటి మెట్టు: ఎక్కడ రాయాలి

ఫోన్లో నోట్సు ఉంటాయి. వాట్సాప్‌లో మనకి మనమే పంపుకునే చాట్ కూడా ఉంది. ఇలాంటివి ఆ రెంటిలో ఒకదాన్లో రాసుకుని, బాగుందనిపించాక తెచ్చి అంటించడం తెలివైన పని. అందుకే ఎవరూ అలా చెయ్యరు. మీరు నేరుగా అక్క చాట్‌లోనే మొదలుపెట్టండి. మీరు అక్షరం కొట్టినప్పుడల్లా, అక్క ఆన్‌లైన్‌లో ఉంటే, ఆమె ఫోన్లో మీ పేరు దగ్గర "టైపింగ్" అని పడుతుంది. మీరు ఆగితే అదీ ఆగుతుంది. రాత్రి పదిన్నరకి పడుకోబోతూ ఫోను చూసుకునే అక్కకి చెల్లెలు ఏదో రాస్తోందనీ, ఎంతకీ పంపడం లేదనీ తెలుస్తుంది. ఏం రాస్తోందో మాత్రం తెలియదు. మంచి ఉపోద్ఘాతం.

రెండో మెట్టు: క్షేమ సమాచారాలు

నగ మాట మొదటి వాక్యంలోనే ఎత్తితే డబ్బు మనిషి అనుకుంటుంది. కాబట్టి దూరం నుంచి రండి. తెనాలి చెల్లెలు పదకొండింటికి ఇలా రాసింది:

"అక్కా, బాగున్నావా? బావగారి మోకాలు నొప్పి తగ్గిందా? ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఈసారి మాగాయ నీకు కూడా కలిపే పెడతాను, డబ్బాలు మాత్రం నువ్వే పంపాలి, పోయినసారివి తిరిగి రాలేదు. ఏం లేదులే, సరదాకి అన్నా. ఇంతకీ అసలు సంగతి ఏంటంటే..."

చదువుకుంటే ఆమెకే గుండె జారింది. తిరిగి రాని డబ్బాల ప్రస్తావన అక్కడికెలా వచ్చిందో ఆమెకి తెలియదు. అక్కకి మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. డబ్బాల వాక్యం తీసేస్తే మాగాయ మిగిలింది. మాగాయ ఉంచి కాసుల పేరు అడిగితే పచ్చడి ఎర వేసినట్టుంది. మాగాయా తీసేస్తే బావగారి మోకాలు మిగిలింది. మోకాలి నుంచి మెళ్ళోని గొలుసుకి వెళ్ళే దారి ఏ భాషలోనూ లేదు. మొత్తం చెరిపేసింది.

మూడో మెట్టు: తూకం

మర్యాద పనిచెయ్యనప్పుడు లెక్కలోకి దిగండి. లెక్కకి మొహమాటం ఉండదు. "అమ్మ కాసుల పేరు పది కాసులు" అని రాశాక ఆమెకి అనుమానం వచ్చింది. అక్క హైదరాబాద్ వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది, ఇప్పుడు ఆమె నోట కాసు రాదు, తులమే. తులం పది గ్రాములు. అందుకని "అంటే ఎనిమిది తులాలు" అని చేర్చింది. చేర్చగానే అది చెల్లెలు రాసినట్టు పోయి కొట్టువాడి రసీదులా తయారైంది.

తూకం దాకా వచ్చినవాళ్ళకి తర్వాతి అనుమానం దానంతటదే వస్తుంది. అసలా నగ నగలాగే ఉందా? పోయిన సంక్రాంతికి అక్క కోడలి నడుముకి కొత్త వడ్డాణం కనిపించింది. పాత బంగారం మారిస్తే కొట్లో ముందు కరిగిస్తారు. కాసుల పేరుకి ప్రతి కాసు దగ్గరా అతుకుంటుంది, ఆ అతుకులోది అచ్చమైన బంగారం కాదు. కరిగాక తేలే మేలిమి ఎప్పుడూ ఇచ్చిన తూకం కంటే తక్కువే. కొత్త నగకి మళ్ళీ తరుగు, మజూరీ, పైన జీఎస్టీ. ఈ లెక్కంతా వేసుకుని అర్ధరాత్రి పన్నెండున్నరకి ఆమె "పేరు అలాగే ఉందా, లేక మార్పించావా?" అని రాసింది. అలా అడిగాక రెండే జవాబులు సాధ్యం. మార్పించానంటే నగ పోయినట్టు, మార్పించలేదంటే అక్క పోయినట్టు. చెరిపేసింది.

నాలుగో మెట్టు: చట్టం

ఒంటిగంటకి న్యాయం గుర్తొస్తుంది. ఈ మెట్టు ఎవరూ దాటవెయ్యకూడదు, దీన్లో చాలా జ్ఞానం ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన స్త్రీ ఆస్తి ఆమె కొడుకులకీ, కూతుళ్ళకీ, భర్తకీ సమానంగా వస్తుంది. నగలూ ఆస్తే. నాన్న అంతకుముందే పోయారు, అన్నదమ్ములు లేరు. "చట్టప్రకారం కూడా" అని మొదలుపెట్టిన చెల్లెలు అక్కడే ఆగిపోయింది. సమానంగా అంటే చెరి సగం. కూర్చున్నప్పుడు పది కాసులూ తనవే. చట్టం పేరెత్తిన మరుక్షణం అయిదయ్యాయి.

అంతటితో అయిపోలేదు. సమానం అన్నాక అమ్మవన్నీ లెక్కలోకి రావాలి. అమ్మ గాజులు నాలుగున్నాయి, నాలుగు కాసులు. అవెక్కడున్నాయి? ఫోను పట్టుకున్న ఈ చేతికే ఉన్నాయి. మొత్తం పద్నాలుగు కాసులు, ఒక్కొక్కరికి ఏడు. తన దగ్గర నాలుగున్నాయి కాబట్టి అక్క ఇవ్వాల్సింది మూడు. ఎనభై గ్రాముల దావా అయిదు నిమిషాల్లో ఇరవై నాలుగు గ్రాములకి దిగింది. ఇంకాసేపు ఆలోచిస్తే అమ్మ ఆస్పత్రి బిల్లు అక్క కట్టిన సంగతి గుర్తొస్తుంది, తానే ఎదురివ్వాల్సి రావచ్చు. ఆ రాత్రుళ్ళు అమ్మ మంచం పక్కన నేలమీద పడుకున్నది తనే, కానీ దాన్ని ఏ తక్కెట్లో వెయ్యాలో ఆ చట్టంలో లేదు. చెరిపేసింది. న్యాయం మీ పక్షాన ఉందని నమ్మకంగా ఉంటే దాన్ని లెక్క వెయ్యకండి.

అయిదో మెట్టు: అమ్మ మాట

ఇక మిగిలిన ఆయుధం ఒక్కటే. "ఇది నీకే అని అమ్మ నాతో చెప్పింది." ఈ మాట తెనాలి చెల్లెలు తోటికోడలితో, ఎదురింటావిడతో ఎన్నోసార్లు అంది. నోటితో అన్నప్పుడు ఇబ్బంది లేదు. రాసేటప్పుడు అమ్మ ఏమందో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. ఆమె మొదటి గుర్తు పెట్టి, అమ్మ గొంతు తలుచుకుని ఆగింది. అమ్మ ఆ రోజు బీరువా తాళం చెవి ఇస్తూ కాసుల పేరు చూపించి అన్నది "మీరిద్దరూ చూసుకోండే" అని. అంతకు మించి ఒక్క ముక్క లేదు. "నీకే" అన్న మాట ఎప్పుడు చేరిందో, ఎవరు చేర్చారో ఆ గదిలో చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

ఈ మెట్టు దగ్గర కాఫీ తాగండి. ఎలాగూ ఇంకేమీ తోచదు.

ఆరో మెట్టు: వేలు జారుట

రెండున్నరకి, కొత్తగా మొదలుపెట్టి "అక్కా, అమ్మ ఉన్నప్పుడు" అన్నంతవరకు రాసి, చెరపబోయి పంపేయండి. కావాలని చెయ్యక్కర్లేదు, ఆ వేళకి వేళ్ళే చేస్తాయి. వెంటనే పట్టి నొక్కి డిలీట్ అనండి. అక్కడ రెండు దారులుంటాయి. "డిలీట్ ఫర్ మీ" నొక్కితే మీ ఫోన్లోంచి మాత్రం పోయి అక్క దగ్గర చక్కగా ఉండిపోతుంది. పొరపాటు దిద్దుకోవడానికి అయిదు సెకన్లు ఇస్తాడు, కళ్ళజోడు వెతుక్కునేలోపు అయిపోతాయి. "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కితే ఇద్దరి దగ్గరా పోతుంది. దీనికి రెండున్నర రోజుల గడువుంది, కంగారు పడాల్సిన పనే లేదు. అయినా పడండి.

తెనాలి చెల్లెలు రెండోదే నొక్కింది. మాటలు పోయాయి, వాటి చోట ఈ మెసేజ్ తొలగించారన్న ముక్క నిలిచిపోయింది. దాన్ని ఏ సెట్టింగుతోనూ అక్క ఫోన్లోంచి తియ్యలేం. మాగాయ మెసేజే పంపి ఉంటే అక్క ఒకసారి చదివి ఊరుకునేది. చెరిపినదాన్ని మాత్రం రోజంతా చదువుతుంది, ప్రతిసారీ కొత్త అర్థంతో. అర్ధరాత్రి రెండున్నరకి పెట్టి తీసేశారంటే ఎవరికో ఏదో అయిందనే లెక్క. ఇక ఏదో ఒకటి చెప్పక తప్పదు. రాత్రంతా అక్కరకి రాని ధైర్యం ఈ పొరపాటు ఇచ్చింది.

ఏడో మెట్టు: పంపుట

అయిదుంబావుకి కుటుంబం గ్రూపులో అక్క పెట్టే వెంకటేశ్వరస్వామి ఫోటో వచ్చింది, రోజూ వచ్చినట్టే. అక్క లేచింది. ఇంకో నిమిషంలో ఆ తొలగించిన మెసేజ్ చూస్తుంది. క్షేమాలకీ లెక్కలకీ వేళ లేదు. చెల్లెలు ఇలా రాసి పంపింది:

"అక్కా, ఎవరికీ ఏం కాలేదు. అమ్మాయి నిశ్చితార్థానికి అమ్మ కాసుల పేరు వెయ్యాలని ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్తా."

పంపాక దిద్దుకోవడానికి పదిహేను నిమిషాలుంటాయి. దిద్దితే పక్కన "ఎడిటెడ్" అని పడుతుంది, అంటే ముందేం రాశావే అనే ప్రశ్నని మీరే అక్కకి అందించినట్టు. ఆమె ఫోను బోర్లించి పాలు కాచడానికి వెళ్ళింది. పాలు పొంగేలోపే జవాబు వచ్చింది:

"ఆదివారం ఏం బ్యాంకే? శనివారం రెండో శనివారం, సెలవు. శుక్రవారం బంగారం గడప దాటించకూడదు. గురువారం పొద్దున్నే బయల్దేరు, లాకరు తీద్దాం. కొక్కెం వదులైంది, బాగు చేయించే ఇస్తా. రాత్రి నుంచీ ఏంటే ఆ టైపింగు? పడుకోవా?"

అక్క లేవదీయగల ప్రతి అభ్యంతరానికీ చెల్లెలు ఆ రాత్రి సమాధానం సిద్ధం చేసుకుంది. బ్యాంకు సెలవులు ఒక్కటే చూసుకోలేదు. ఈ విధానం పాటించదలిచినవాళ్ళు ఫోను పట్టుకునే ముందు గోడ మీది క్యాలెండరు ఒకసారి చూసుకోవలెను. మంగళవారం కూడా అక్కలు బంగారం ఇవ్వరు.